ముందు పిల్లల దారి, తర్వాతే గదులు: విశాఖ వాలు స్థలంలో ప్రాథమిక బడి ప్లాను గీయడం ఎలా

బడి ప్లాను గీయమనగానే చాలామంది గదులతో మొదలుపెడతారు. పది గదులు, ఒక ఆఫీసు, వంటగది, బాత్రూములు వరసగా పేర్చి, మిగిలిన జాగాకు ఆటస్థలం అని పేరు పెడతారు. కట్టాక తెలుస్తుంది అసలు సంగతి. బాత్రూముల వెనక ఎవరికీ కనపడని సందు మిగిలిపోతుంది. ఉయ్యాల ముందు నుంచే అందరూ పరిగెత్తే దారి పోతుంది. లాంగ్ బెల్ కొట్టగానే ఆటోలూ పిల్లలూ ఒకే గేటులో పడతారు. వీటిని తర్వాత సరిదిద్దాలంటే గోడలు పగలగొట్టాలి. అందుకే ఇక్కడ పద్ధతి తిరగేసి చెబుతున్నాం. ముందు పిల్లలు నడిచే దారులు గీయండి, ఆ దారులను ఏ పెద్దవాళ్లు ఏ వేళ చూస్తుంటారో గుర్తు పెట్టండి, ఆ తర్వాతే గదులను ఆ దారుల పక్కన కూర్చోబెట్టండి.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. మధురవాడ, ఎండాడ వైపు తరచుగా దొరికే రకం స్థలం: పడమర కొండ, తూర్పు రోడ్డు. రోడ్డు వెంట ఉత్తర దక్షిణాలు 60 మీటర్లు, లోపలికి తూర్పు పడమరలు 70 మీటర్లు, అంటే ఎకరానికి కాస్త ఎక్కువ. రోడ్డు నుంచి వెనక హద్దుకు 3 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతికి రెండేసి సెక్షన్లు, సెక్షనుకు 30 మంది. మొత్తం 300 మంది పిల్లలు, పది గదులు. విద్యాహక్కు చట్టం రెండొందల మంది దాటిన ప్రాథమిక బడిలో ఒక టీచరుకు నలభై మంది మించకూడదు, టీచరుకొక గది ఉండాలి అంటుంది కాబట్టి ఈ లెక్క దానికీ సరిపోతుంది.

మొదటి పని: నేలను రెండు తలాలుగా విడగొట్టడం

70 మీటర్లకు 3 మీటర్ల వాలంటే చూడటానికి పెద్దగా అనిపించదు. కానీ స్థలమంతా ఒకే మట్టానికి తేవాలంటే రోడ్డు వైపు మీటరున్నర మట్టి పోయాలి, కొండ వైపు మీటరున్నర తవ్వాలి. అప్పుడు గేటు దగ్గర నిటారు ఎక్కుడు వస్తుంది, వెనక ఎత్తైన గోడ వస్తుంది, సగం గదులు పోసిన మట్టి మీద నిలబడతాయి. దానికి బదులు రెండు తలాలు చేయండి. రోడ్డు వైపు 30 మీటర్లు కింది తలం, కొండ వైపు 40 మీటర్లు పై తలం.

ప్రతి తలాన్నీ దాని మధ్యలోని సహజ మట్టానికి తెస్తే తవ్విన మట్టీ పోసిన మట్టీ దాదాపు సరిపోతాయి. మన లెక్కలో కింది తలం రోడ్డు కంటే సుమారు 65 సెంటీమీటర్లు ఎత్తున, పై తలం 2.15 మీటర్ల ఎత్తున ఉంటాయి. రెంటి మధ్య తేడా 1.5 మీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, మెట్లూ ర్యాంపూ దీన్నిబట్టే వస్తాయి. 15 సెంటీమీటర్ల ఎత్తుతో పది మెట్లు చాలు. 1:12 వాలుతో ర్యాంపు అయితే 18 మీటర్లు, మధ్యలో ఆగడానికి మీటరున్నర చదును కలిపితే 19.5 మీటర్లు. తలాల మధ్య గోడ పొడవు 60 మీటర్లు కాబట్టి ర్యాంపు దాని వెంటే సులువుగా ఇమిడిపోతుంది. స్థలం చాలట్లేదని ర్యాంపును నిటారుగా చేసే పొరపాటు ఎక్కువగా కనిపిస్తుంది. చక్రాల కుర్చీలోని బిడ్డ దాన్ని సొంతంగా ఎక్కలేదు, మిగతా పిల్లలేమో దాన్ని జారుడు బల్ల చేసేసుకుంటారు.

పునాదుల విషయంలో ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. గ్రావెల్ పోసి రోలర్ తిప్పిన నేల ఎంత గట్టిగా కనిపించినా గది పునాది అక్కడ ఆగకూడదు, అది కింద సహజ నేలలోకి దిగాలి. పోసిన మట్టి రెండు మూడు వానాకాలాల పాటు కుంగుతూనే ఉంటుంది. గోడ సగం సహజ నేల మీద, సగం పోసిన నేల మీద ఉంటే కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు వస్తుంది. అదే దాని ఆనవాలు.

కొండ వైపు 85 సెంటీమీటర్ల కోత ఉంటుంది. అక్కడ ప్రహరీనే మట్టిని ఆపే గోడగా వాడకండి. తొమ్మిది అంగుళాల ఇటుక ప్రహరీ తన బరువు మోయడానికి కట్టినదే తప్ప, అక్టోబరు వానలకు నానిన ఎర్రమట్టి తోపుడు తట్టుకోవడానికి కాదు. మట్టి ఆపే గోడ వేరు, దానికి ఇంజనీరు లెక్క వేరు. దాని వెనక కంకర పొర, గోడలో మీటరున్నరకొకటి నీళ్లు కారే తూములు ఉండాలి. గోడకు పైవైపున కొండ నీళ్లు పట్టే కాలువ తవ్వి, పక్కనుంచి రోడ్డు డ్రెయిన్‌లో కలపండి. వానాకాలంలో తూముల నుంచి నీళ్లు కారకపోతే, గోడ మధ్యలో ఉబ్బు కనిపిస్తే, నీళ్లు లోపలే నిలిచిపోయాయని అర్థం. అలాంటప్పుడు గోడ కింద పిల్లలను ఆడనివ్వకూడదు.

రెండో పని: ఒక బిడ్డ రోజును గీయడం

ప్లాను కాగితం మీద స్థలం హద్దులు, రెండు తలాలు మాత్రమే ఉండగా రంగు పెన్సిళ్లు తీసుకోండి. ఒకటో తరగతి బిడ్డ దారి ఎరుపులో, ఐదో తరగతి బిడ్డ దారి నీలంలో, వాహనాలూ గ్యాసు సిలిండర్లూ వచ్చే దారి నల్లరంగులో గీయండి. గేటు నుంచి గదికి, గది నుంచి బాత్రూముకు, గది నుంచి చేతులు కడుక్కునే చోటికి, అక్కడి నుంచి భోజనానికి, ఆటకు, మళ్లీ గేటుకు. నలుపు గీత ఎరుపునూ నీలాన్నీ ఎక్కడా కోయకూడదు. ఎరుపూ నీలమూ గేటు దగ్గర, భోజనశాల దగ్గర మాత్రమే కలవాలి. ఆరేళ్ల బిడ్డ తన దారిలో ఒక్క మెట్ల వరస కూడా ఎక్కకూడదు.

ఈ మూడు షరతులూ పెడితే ప్లాను చాలావరకు దానంతట అదే వచ్చేస్తుంది. చిన్నవాళ్లు, అంటే ఒకటి రెండు తరగతుల నాలుగు గదులు, కింది తలంలోనే ఉండాలి. పెద్దవాళ్ల ఆరు గదులు, ఆటస్థలం పై తలంలోకి వెళ్తాయి. ఆటస్థలం రోడ్డుకు దూరంగా కొండ వైపు ఉంటే బంతి వెంట పిల్లలు గేటు బయటికి పరిగెత్తే ప్రమాదమే ఉండదు. పిల్లలు నడిచే గేటు రోడ్డు వైపు మధ్యలో, వాహనాల గేటు ఉత్తరం చివర, దాని పక్కన ఈశాన్య మూల వంటగది, దానికి దగ్గరలో భోజనశాల. చిన్నవాళ్ల గదులు దక్షిణం వైపు. నడిచే గేటుకు ఎదురుగా హెచ్ఎం గది, ఆ గదికి కాస్త వెనక పై తలానికి వెళ్లే మెట్లు.

వంటగదికి ఈశాన్యం ఎందుకంటే వాస్తు కోసం కాదు, వాస్తు ప్రకారం దానికి ఆగ్నేయం అడుగుతారు కూడా. ఎండాకాలంలో విశాఖలో గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి నుంచి వీస్తుంది. పొగ, వేడి, ఒకవేళ మంట లేచినా, అవి తరగతుల వైపు రాకుండా ఉత్తరానికి పోవాలి. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న ఒక బడిలో వంట దగ్గర మొదలైన మంట తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. కాబట్టి వంటగది విడి కట్టడంగా ఉండాలి, దగ్గరి తరగతి గోడకు కనీసం పది మీటర్ల ఎడం ఉంచండి, సిలిండర్లు బయట జాలీ గదిలో పెట్టండి, కప్పుకు తాటాకుగానీ ప్లాస్టిక్ షీటుగానీ వాడకండి.

మూడో పని: గదుల గుంపు

కింది తలంలో రెండు గదుల వరసకు ఎదురుగా మరో రెండు గదుల వరస, మధ్యలో 10 మీటర్ల వెడల్పు ముంగిలి. ప్రతి గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, ముంగిలి వైపు 2.4 మీటర్ల వరండా. పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ వస్తాయి. దక్షిణపు గాలి ఒక కిటికీలో దూరి ఎదుటి కిటికీ నుంచి పోతుంది. పడమటి ఎండ పడే గోడకు కిటికీ పెట్టకండి. ముంగిలికి పడమటి చివర బాత్రూములు, తూర్పు చివర వెడల్పుగా తెరిచి హెచ్ఎం గది వైపు చూపు ఉండేట్టు వదలండి.

నాలుగు గదులే ఒక గుంపులో ఎందుకు? నూట ఇరవై మంది పిల్లల ముఖాలను నలుగురు టీచర్లు, ఒక ఆయా గుర్తుపట్టగలరు. మన పిల్లవాడు కానివాడు ముంగిట్లోకి వస్తే వెంటనే తెలుస్తుంది. పది గదులు ఒకే పొడవాటి వరండాలో ఉంటే ఆ చివర గదిలోంచి బయటికి వచ్చిన బిడ్డ ఎవరి బిడ్డో, ఎక్కడికి పోతోందో ఎవరికీ పట్టదు.

పై తలంలో ఆరు గదులు ఇదే తీరున, మూడు మూడుగా ఎదురెదురుగా, నైరుతి మూలలో. వాటి ఉత్తర వరసకు అవతల, వాయవ్యం నుంచి మెట్ల దాకా, దాదాపు 36 మీటర్లు 28 మీటర్ల ఆటస్థలం. ఉత్తర వరస గదులకు రెండు తలుపులు పెట్టండి, ఒకటి ముంగిలికి, ఒకటి ఆటస్థలానికి. నిప్పు అంటుకున్నా, ముంగిలి మూసుకుపోయినా రెండో దారి ఉంటుంది. ఈ వరసకు తూర్పు చివర స్టాఫ్ రూము పెట్టండి. మొత్తం ప్లానులో అన్నిటికంటే విలువైన చోటు అదే. ఉత్తరపు కిటికీ నుంచి ఆటస్థలం, తూర్పు కిటికీ నుంచి మెట్ల తల, దక్షిణపు కిటికీ నుంచి ముంగిలి కనిపిస్తాయి. ఖాళీ పీరియడ్‌లో నోటుబుక్కులు దిద్దుకుంటున్న టీచరు కూడా తల ఎత్తితే మూడు చోట్లు చూడగలదు. స్టాఫ్ రూమును వెనక మూలకు తోసి ఈ చోటు స్టోర్ రూముకు ఇచ్చే ప్లాన్లు చాలా ఉన్నాయి. అలా చేయకండి.

గదిలో టీచరు కూర్చునే చోటు తలుపు పక్కనే ఉండాలి. వరండా వైపు కిటికీ అడుగు నేల నుంచి 60 నుంచి 75 సెంటీమీటర్లలో ఉంటే కుర్చీలో కూర్చున్న టీచరుకు వరండాలో నిలబడ్డ ఒకటో తరగతి బిడ్డ కనిపిస్తుంది. మామూలు ఇళ్లలోలా 90 సెంటీమీటర్లు పెట్టి, కింది సగం గాజు మీద పిల్లలు బయటికి చూడకుండా పెయింట్ వేస్తే ఆ చూపు పోయినట్టే. తలుపు 1.2 మీటర్ల వెడల్పు, బయటికి తెరుచుకుని గోడకు ఆనుకుపోవాలి. వరండాకు అడ్డంగా సగం తెరిచి నిలబడే తలుపు అంచు పరిగెత్తుకొచ్చే బిడ్డ నుదుటి ఎత్తులో ఉంటుంది.

వరండా ముంగిలి కంటే 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే దాని అంచంతా మూడు మెట్లుగా పరచండి. పిల్లలు పడితే ఒక మెట్టే పడతారు, మిగతా వేళల్లో అదే కూర్చునే అరుగు అవుతుంది. పక్కన 5.4 మీటర్ల ర్యాంపు. నేలకు నున్నటి టైల్స్ వద్దు. తుంపర పడిన వరండాలో అవి అద్దంలా జారతాయి. పాలిష్ చేయని కడప బండలు చాలు, వరండా నేల బయటికి కొద్దిగా వాలుగా ఉండాలి.

నాలుగో పని: చూపు పరీక్ష

ఇది ఈ పద్ధతికి గుండెకాయ, డబ్బు ఖర్చు లేనిది, అయినా ఎక్కువమంది చేయనిది.

ముందు కాగితం మీద. పొద్దున బడి మొదలయ్యే వేళ, పాఠం జరిగే వేళ, ఇంటర్వెల్, భోజనం, లాంగ్ బెల్, ఇలా ఐదు వేళలకు ప్లాను ఐదు కాపీలు తీయండి. ఆ వేళ పెద్దవాళ్లు నిజంగా ఎక్కడ ఉంటారో అక్కడ చుక్క పెట్టండి. ఎక్కడ ఉండాలని మనం కోరుకుంటామో అక్కడ కాదు. పాఠం వేళ టీచర్లు గదుల్లో, హెచ్ఎం తన గదిలో, ఆయా బాత్రూముల దగ్గర, వంటవాళ్లు వంటగదిలో. ప్రతి చుక్క నుంచి గోడకు తగిలేదాకా గీతలు లాగండి. ఏ గీతా తగలని జాగాలను పెన్సిలుతో నింపండి.

మన ప్లానులో మొదటిసారి నింపితే నాలుగు చోట్లు నల్లగా మిగిలాయి: కింది బాత్రూముల వెనక, మట్టి ఆపే గోడకూ బాత్రూములకూ మధ్య 3 మీటర్ల సందు. పై బాత్రూముల వెనక అలాంటిదే మరొకటి. ర్యాంపు కింద త్రికోణపు ఖాళీ. భోజనశాలకూ ఉత్తరపు ప్రహరీకీ మధ్య సందు. ప్రతి నల్ల జాగాకూ మూడే మార్గాలు: చూపుకు తెరవడం, తాళం వేయడం, అసలు లేకుండా చేయడం. బాత్రూముల వెనక సందు డ్రెయినేజీ పనికి కావాలి కాబట్టి రెండు చివర్లా నిలువు కమ్మీల గేటు పెట్టి తాళం వేయాలి. రేకు గేటు పెడితే లోపల ఏముందో తెలియదు. ర్యాంపు కింద ఖాళీని గోడ కట్టి మూసేయాలి. స్టోరుగా వాడుకుందామని తలుపు పెడితే ఆ తలుపు ఒక రోజు తెరిచి ఉంటుంది. భోజనశాల వెనక మాత్రం ఉత్తర గోడకు కిటికీలు పెట్టి తెరిచాం. దానికితోడు చేతులు కడుక్కునే కుళాయిలను ముందుకు తెచ్చాం, పిల్లలకు వెనక్కి వెళ్లే పనే లేకుండా.

తర్వాత నేల మీద. పునాదులు తవ్వకముందు మేస్త్రీ సున్నంతో మార్కింగ్ వేస్తాడు కదా, ఆ రోజు మరో గంట తీసుకోండి. గోడలు వచ్చే చోట కర్రలు పాతి పాత చీరలుగానీ గ్రీన్ నెట్‌గానీ మనిషి ఎత్తున కట్టండి. 1.1 మీటర్ల కర్ర చివర ఎర్ర గుడ్డ కట్టండి, అదే మన ఒకటో తరగతి బిడ్డ. ఒకరు టీచరు కుర్చీ ఉండే చోట కుర్చీ వేసుకుని కూర్చోవాలి, మరొకరు ఎర్ర గుడ్డ కర్ర పట్టుకుని బిడ్డ దారిలో నడవాలి. గుడ్డ కనపడకుండా పోయిన ప్రతిచోటా ఆగి నేల మీద గుర్తు వేయండి. కాగితం మీద కనిపించి ఇక్కడ కనిపించనివి సాధారణంగా రెండుంటాయి. ఒకటి, తలుపుకు ఎదురుగా పడిన వరండా స్తంభం. రెండోది, పై తలం అంచు. పై తలంలో కూర్చున్న మనిషికి అంచు దగ్గరి కింది జాగా కనపడదు, అది కాగితం మీద తెలియదు. మనకు ఆ జాగాలో ర్యాంపు ఉంది. అందుకే ర్యాంపును హెచ్ఎం గది వెనక కిటికీకి కనిపించేలా కింది నుంచి చూసుకోవాలి. స్తంభాలనైతే ఆ రోజే అరమీటరు జరిపితే చాలు, కాంక్రీటు పోశాక జరపలేం.

బాత్రూములు

వీటిలో రెండు అవసరాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. లోపల బిడ్డకు మరుగు కావాలి, లోపలికి ఎవరు వెళ్లారో ఎంతసేపు ఉన్నారో బయటివాళ్లకు తెలియాలి. అందుకే లోపలి గదులకు మరుగు, ప్రవేశానికి చూపు. ఆడపిల్లల ప్రవేశం, మగపిల్లల ప్రవేశం రెండూ ముంగిలి వైపే, వరండా నుంచి నేరుగా కనిపించాలి, కానీ ఒకదానికొకటి ఎడంగా. చేతులు కడుక్కునే తొట్టి లోపల కాదు, బయట ముంగిట్లో. చిన్నవాళ్లకు కుళాయి తొట్టి అంచు 45 నుంచి 50 సెంటీమీటర్లు, పెద్దవాళ్లకు 60. తొట్టి బయట ఉంటే పిల్లలు గుంపు కట్టేది పెద్దల ఎదుట అవుతుంది.

గడియ బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయగలిగే రకం పెట్టండి. భయపడి లోపల ఇరుక్కున్న బిడ్డ తలుపును పగలగొట్టే అవసరం రాదు. చిన్నవాళ్ల తలుపులు కింద 15 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే లోపల పడిపోయినా పాదాలు కనిపిస్తాయి. చక్రాల కుర్చీ తిరిగే ఒక వెడల్పు గది ప్రతి తలంలోనూ ఉండాలి, స్టోరుగా మారకుండా.

ఆట జాగాలు

చిన్నవాళ్ల ఆట వాళ్ల ముంగిట్లోనే. పెద్దవాళ్ల ఆటస్థలంలోకి వాళ్లను పంపకండి, పదేళ్ల పిల్లవాడు వేగంగా వచ్చి ఆరేళ్ల బిడ్డను గుద్దితే పడేది చిన్నదే. ముంగిట్లో ఇసుక తొట్టి, నేలకు దగ్గరగా నడిచే దుంగలు, పైమెట్టు 1.2 మీటర్లు మించని ఒక జారుడు బల్ల చాలు. ఉయ్యాల పెట్టొద్దు, 10 మీటర్ల ముంగిట్లో దానికి చోటు లేదు. గుడిసెలు, మూసిన గొట్టాలు కూడా వద్దు, వాటి లోపల ఉన్న బిడ్డ కనపడదు.

జారుడు బల్ల చుట్టూ ప్రతి వైపు 1.8 మీటర్లు ఖాళీ వదలండి. స్టీలు బల్ల ముఖం ఉత్తరానికి ఉండాలి. మే నెల కాకపోయినా మార్చి మధ్యాహ్నం పడమటి ఎండ పడిన స్టీలు తొడలను కాలుస్తుంది. కమ్మీల మధ్య సందు 9 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, 23 సెంటీమీటర్ల కంటే ఎక్కువైనా ఉండాలి. ఈ రెంటి మధ్య సందులో బిడ్డ శరీరం దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. వరండా గ్రిల్సుకూ తలాల మధ్య రెయిలింగుకూ కూడా ఇదే లెక్క: 9 సెంటీమీటర్ల లోపు సందుతో నిలువు కమ్మీలే, అడ్డ కమ్మీలు నిచ్చెన అవుతాయి.

పడే చోట నేల గురించి కాస్త నిలబడి చెప్పాలి. విశాఖ ఎర్రమట్టి వానకు మెత్తగా ఉంటుంది, ఏప్రిల్‌కు ఇటుకలా గట్టిపడుతుంది. ఆట పరికరం కింద దాన్నే వదిలేస్తే మీటరు ఎత్తు నుంచి పడినా చెయ్యి విరగొచ్చు. 30 సెంటీమీటర్ల లోతు ఇసుక పోయండి, అడుగున కంకర పొరా, నీళ్లు పోయే గొట్టమూ పెట్టి. సముద్రం ఇసుక ఊరికే దొరుకుతుందని తెచ్చి పోయకండి. దానిలోని ఉప్పు చెమ్మను పట్టి ఉంచి, స్తంభాల కాళ్లను తినేస్తుంది. ఏటి ఇసుకే వాడండి. ఇసుక పిల్లల కాళ్లకు చెదిరి పక్కలకు పోతుంది కాబట్టి ప్రతి స్తంభం మీద 30 సెంటీమీటర్ల మట్టం దగ్గర పచ్చ పెయింట్ గీత వేయండి. గీత కింద స్తంభం కనిపిస్తే ఇసుక తగ్గినట్టు. లెక్క తెలియని ఆయా కూడా ఆ గీత చూసి చెప్పగలదు. సాయంత్రం తొట్టి మీద నెట్ కప్పండి, లేకపోతే కుక్కలూ పిల్లులూ దాన్ని వాడుకుంటాయి.

ఉప్పుగాలి ఊరిలో ఇనుముకు తుప్పు పైన కంటే నేలలోకి దిగే చోట ఎక్కువగా పడుతుంది. పైకి పెయింట్ కొత్తగా మెరుస్తున్న ఉయ్యాల స్తంభం నేల మట్టం దగ్గర పేపరులా పలచబడి ఉండొచ్చు. మూడు నెలలకొకసారి ఆ చోట ఇసుక తీసి చిన్న సుత్తితో కొట్టి వినండి. గట్టి ఇనుము గణగణమంటుంది, తినేసిన ఇనుము డప్పు శబ్దం ఇస్తుంది. కొనేటప్పుడే జింకులో ముంచిన గాల్వనైజ్డ్ గొట్టం అడగండి. పెయింట్ వేసిన మామూలు ఇనుము తక్కువ ధరకు వస్తుంది, కానీ ఇక్కడ ఎక్కువకాలం నిలవదు.

పెద్దవాళ్లకు ఉయ్యాలలు పెట్టాలనుకుంటే ఆటస్థలం అంచున, వేలాడే కడ్డీ ఎత్తుకు రెండింతలు ముందూ వెనకా ఖాళీ వదిలి. కడ్డీ 2 మీటర్లుంటే ముందు 4, వెనక 4. ఆ జాగాలోంచి గదులకూ మెట్లకూ దారి పోకూడదు. కబడ్డీ, ఖోఖో, బంతి ఆటల జాగాకూ దీనికీ మధ్య మోకాలెత్తు బెంచీల వరస ఉంచండి, వాటి మీదుగా చూపు పోతుంది గానీ పరుగు ఆగుతుంది. 180 మందిని ఒకేసారి వదలొద్దు. ఈ స్థలం సుమారు వెయ్యి చదరపు మీటర్లు. సగం సగంగా వదిలితే ఒక్కొక్కరికి పదకొండు చదరపు మీటర్లు దొరుకుతాయి, ఢీకొట్టుకోవడాలు అక్కడే తగ్గుతాయి. ఇక తలం అంచున 1.2 మీటర్ల కంచె తప్పనిసరి, పిల్లలు పడకుండా, బంతి కింది ముంగిట్లోకి దొర్లకుండా.

నీడ చెట్లు కానుగ, వేప. ఆటస్థలం మీద కొబ్బరి వద్దు, కాయ పడితే తల పగులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా చెట్లు కూలడం ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ చెట్టయినా దాని పూర్తి ఎత్తులో పడితే గది కప్పు మీద పడని దూరంలో నాటండి. అదే కారణంతో వరండాలకూ భోజనశాలకూ రేకుల కప్పు మానేసి స్లాబు వేయండి. కొక్కేల నుంచి ఊడిన రేకు గాలిలో కత్తిలా వస్తుంది.

గేటు

నడిచే గేటును రోడ్డు అంచున కాకుండా 6 మీటర్లు లోపలికి పెట్టండి. తల్లిదండ్రులు నిలబడే జాగా అక్కడ వస్తుంది, రోడ్డు మీదికి పోదు. వెడల్పు 2.4 మీటర్లు. నేల రోడ్డు కంటే 65 సెంటీమీటర్లు ఎత్తు కాబట్టి ఆ 6 మీటర్లలోనే వాలు ఎక్కిద్దామనుకుంటారు. 1:12 ప్రకారం దానికి 7.8 మీటర్లు కావాలి, అందుకే వాలును గేటు దాటి లోపలికి కూడా కొంచెం సాగనివ్వండి.

వాహనాల గేటు 6 మీటర్ల వెడల్పు, ఫైర్ ఇంజన్ తిరగగలిగేలా. పట్టాల మీద జరిగే పెద్ద ఇనుప గేటును పిల్లలుండే చోట పెట్టకండి. పైన పట్టి ఉంచే గైడు వంగినా, చివరి స్టాపరు ఊడినా ఆ గేటు పట్టా దాటి అడ్డంగా పడుతుంది, దాన్ని పట్టుకుని ఊగే పిల్లవాడి మీదే పడుతుంది. రెండు రెక్కలుగా లోపలికి తెరుచుకునే గేటు మంచిది. ఉన్నది జరిగే గేటే అయితే, రెండు చివర్లా వెల్డు చేసిన స్టాపర్లు, పైన రెండు గైడు రోలర్లు ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి.

లాంగ్ బెల్ రెండు దఫాలుగా. ఒకటి రెండు తరగతులు పది నిమిషాలు ముందు. ప్రతి సెక్షనుకు గేటు లోపల నేల మీద ఒక రంగు గీత ఉంటుంది, బిడ్డ ఆ గీత మీద నిలబడితే టీచరు తీసుకెళ్లే మనిషి ముఖం చూసి పంపుతుంది. ఆటోలు ఉత్తరం గేటు దగ్గర ఆగుతాయి, ఆటో పిల్లలను ఒక పెద్ద మనిషి ప్రహరీ లోపలి నడకదారి వెంట అక్కడికి తీసుకెళ్తారు. పిల్లలు రోడ్డు మీదుగా నడిచి ఆటో వెతుక్కోకూడదు.

కట్టాక చెడేది

ప్లాను బాగా కట్టినా రెండేళ్లలో దాన్ని పాడుచేసేవి చిన్న చేర్పులే. వరండా చివర పాత బెంచీలు పేరుస్తారు. దాత ఇచ్చిన వాటర్ ప్లాంటుకు ముంగిలి తూర్పు ముఖాన షెడ్డు వేస్తారు. స్టాఫ్ రూము ఉత్తరపు కిటికీకి బీరువా అడ్డం పెడతారు. ఒక్కొక్కటీ న్యాయంగానే కనిపిస్తుంది, కానీ ఒక్కొక్కటీ ఒక చూపు గీతను తెంచుతుంది. అందుకే తుది ప్లానులో చూపు గీతలను ఎర్ర చుక్కలతో ముద్రించి, ఆ చుక్కల మీద ఏదీ కట్టకూడదని రాసి, హెచ్ఎం గది గోడకు ఫ్రేము కట్టించి తగిలించండి. కొత్త షెడ్డు మాట వచ్చినప్పుడు ముందు ఆ ఫ్రేము దగ్గరికి తీసుకెళ్లి చోటు చూపించమనాలి. ప్రతి జూన్‌లో బడి తెరవకముందు ఎర్ర గుడ్డ కర్ర మళ్లీ బయటికి తీసి, కుర్చీ వేసుకుని, ఒకసారి ఆ దారిలో నడవండి.